జ్వరం మొదటి రెండు రోజుల జీతం ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

వానలు వెనక్కి తగ్గే ఈ రోజుల్లో ఇంటింటా వైరల్ జ్వరాలే. దోమల గురించి, నీళ్ల గురించి అధికారులు హెచ్చరిస్తున్నారు, మంచిదే. కానీ ఫ్లూ దోమ వల్లనో నీళ్ల వల్లనో రాదు. పక్క కుర్చీలోని మనిషి నుంచి వస్తుంది. ఒంట్లో బాగాలేని ఆ మనిషి ఇంట్లో పడుకోకుండా ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నాడో ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ లేఖ.

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఒకే హాల్లో 34 మందిమి కూర్చుంటాం. కిటికీల అద్దాలు తెరుచుకోవు. ఏసీలు హాల్లోని గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ మా మీదికే వదులుతాయి. గత ఏడాది ఆగస్టు చివరి సోమవారం, బిల్లులు ఎక్కించే కుర్రాడు కళ్లు ఎర్రబడి, స్వెట్టరు వేసుకుని వచ్చాడు. ఉదయం పారాసిటమాల్ వేసుకున్నానన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ వణుకు మొదలైతే ఇంకోటి వేసుకున్నాడు. "ఇంటికి వెళ్లు నాయనా" అన్నాను. "నెలాఖరు కదా మేడం, నాలుగు రోజులు ఓర్చుకుంటాను" అన్నాడు. మంగళవారం కూడా అలాగే వచ్చాడు.

బుధవారం సాయంత్రానికి అతని పక్క వరసలోని ఇద్దరు అమ్మాయిలకు గొంతు పట్టేసింది. గురువారం అతనితో ఒకే క్యాబులో వచ్చే ముగ్గురు రాలేదు. శుక్రవారం నా వంతు. మరుసటి వారం మధ్యకల్లా 13 మందిమి మంచం పట్టాం. మా అమ్మకు 71 ఏళ్లు, షుగరు ఉంది. నా నుంచి ఆమెకు అంటుకుని, ఊపిరితిత్తులకు నిమ్ము చేసి, ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చింది. ఆ రాత్రుళ్లలో ఒకసారి కూడా నాకు ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

రోజుల లెక్క అలా కుదరడం యాదృచ్ఛికం కాదు. ఫ్లూ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఎక్కువమందిలో రెండు రోజులు. సోమవారం పీల్చినది బుధవారం తేలుతుందన్నమాట. రోగి నుంచి ఇతరులకు ఎక్కువగా సోకేది లక్షణాలు మొదలైన తొలి మూడు రోజుల్లో. మనం "చూద్దాం, తగ్గుతుందేమో" అనుకుంటూ పనికి వెళ్లేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మాత్ర వేసుకుంటే ఒంటి వేడి తగ్గుతుందే తప్ప వైరస్ తగ్గదు. పైగా లేచి తిరిగే ఓపిక వస్తుంది కాబట్టి, దగ్గుతూ మాట్లాడుతూ మరో పదిమంది దగ్గరికి వెళ్తాం. అందుకే ఆఫీసుకు తిరిగి రావడానికి వైద్యులు చెప్పే కొలత ఒకటుంది: జ్వరం మాత్ర ఏదీ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండాలి, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టాలి. మా హాల్లో ఎవరూ ఆ కొలత పాటించలేదు. నేను కూడా ఒక రోజు ముందే వెళ్లాను, తప్పే.

ఇప్పుడు ఆ కుర్రాడి జీతం లెక్క చూడండి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు. నెలకు 18,000, అంటే రోజుకు 600. రాని రోజుకు జీతం లేదు. నెలంతా ఒక్క రోజూ మానకుండా వస్తే 1,500 హాజరు బోనస్. జ్వరమని మూడు రోజులు ఇంట్లో ఉంటే జీతంలో 1,800 పోతుంది, దానితోపాటు బోనసూ పోతుంది. మొత్తం 3,300. అతనికి ఈఎస్‌ఐ ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. నెలకు 21,000 లోపు జీతగాళ్లకు ఆ పథకం వర్తిస్తుంది, జబ్బు చేసినప్పుడు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తుంది. కానీ ఆ పథకంలో ఒక మెలిక పెట్టారు. జబ్బు చేసిన మొదటి రెండు రోజులకు ఏమీ ఇవ్వరు. పదిహేను రోజుల లోపు మళ్లీ జబ్బు పడితేనే దానికి మినహాయింపు. కాబట్టి మూడు రోజులు సెలవు పెట్టినవాడికి దక్కేది మూడో రోజు తాలూకు 420 రూపాయలు. అది కూడా సర్టిఫికెట్ తెచ్చి, క్లెయిము పెట్టాక.

రోగం అత్యంత వేగంగా పాకే రెండు రోజులకు ఒక్క పైసా లేకుండా చేసి, ఆ తర్వాత డబ్బు ఇస్తామంటోంది ఆ నిబంధన. దొంగ జబ్బులను ఆపడానికే పెట్టి ఉంటారు. కానీ ఆ రెండు రోజులు మా హాలుకు ఎంత ఖర్చయ్యాయో చెబుతాను. 13 మందిమి తలా మూడు రోజులు వేసుకున్నా 39 పనిదినాలు. నెలాఖరు లెక్కలు వారం ఆలస్యమయ్యాయి.

చట్టమే లేదా అంటే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రతి ఉద్యోగికీ ఏడాదికి 12 రోజుల దాకా జీతంతో కూడిన జబ్బు సెలవు ఇచ్చింది. క్యాజువల్ సెలవులు 12 రోజులు వేరే. ఆచరణలో జరిగేది ఇంకొకటి. అన్ని సెలవులనూ ఒకే ఖాతాలో కలిపేస్తారు. దాంతో పండక్కి ఊరెళ్లడానికి దాచుకున్న రోజును జ్వరానికి ఖర్చు పెట్టడానికి ఎవరికీ చేతులు రావు. మొదటి రోజు నుంచే డాక్టరు కాగితం అడుగుతారు. ఫ్లూ వచ్చిన మనిషికి కావలసింది పడక, నీళ్లు, విశ్రాంతి. ఆయాసం, ఛాతీలో నొప్పి, తగ్గి మళ్లీ తిరగబెట్టిన జ్వరం ఉంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. వృద్ధులు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం ఉన్నవారు మొదటి రోజే వెళ్లాలి. మిగిలినవారిని కేవలం కాగితం కోసం క్లినిక్ వరండాలో రెండు గంటలు కూర్చోబెడితే, జబ్బు అక్కడున్న వారికీ అంటుకుంటుంది.

అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో కంప్యూటర్ నమూనాతో ఒక లెక్క వేశారు. ఫ్లూ వచ్చిన ఉద్యోగులకు ఒక రోజు ఇంట్లో ఉండే వీలిస్తే పనిచోట సోకే ఫ్లూ కేసులు సుమారు 25 శాతం, రెండు రోజులిస్తే 39 శాతం తగ్గుతాయని తేలింది. నమూనా నమూనాయే, మన ఏసీ హాళ్లు అక్కడివి కావు. సెలవుతో అంతా ఆగదు కూడా, ఎందుకంటే లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ ఇతరులకు సోకుతుంది. అయినా అంత తగ్గింపు రెండు రోజుల జీతంతో వస్తుందంటే, ఏ యజమానికైనా అది చవకే.

సెలవులు దుర్వినియోగం అవుతాయని మా మేనేజరు గారి భయం. ఏడాదికి 12 రోజులన్న హద్దు చట్టంలోనే ఉంది, దాన్ని దాటితే అడగండి. మొదటి మూడు రోజులకు ఉద్యోగి మాటనే నమ్మండి, జబ్బు సెలవు వాడినందుకు హాజరు బోనస్ కోయకండి. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆ 12 రోజులు ఏజెన్సీ ఉద్యోగులకు నిజంగా ఇస్తున్నారా అని సెలవుల రిజిస్టరు తెరిచి చూడాలి. ఈఎస్‌ఐలో ఆ రెండు రోజుల మెలికను తీసేయాలని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.

సెప్టెంబరు మొదటి వారంలో ఆ కుర్రాడికి 1,500 బోనస్ పడింది. చెల్లెలి హాస్టల్ ఫీజుకు పంపాడు.

— ఒక అకౌంట్స్ ఉద్యోగిని, హైదరాబాద్