చిన్నాకి: చాప్టర్ పేరు తీసేసి లెక్క చెయ్యి

చిన్నా,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు అన్న మాట నా మనసులోనే ఉంది. "వీకెండ్ టెస్టుల్లో ఫిజిక్స్ బాగానే వస్తోంది, గ్రాండ్ టెస్టుకి వచ్చేసరికి ఏమీ తోచట్లేదు, నాకు అసలు ఫిజిక్స్ రాదేమోనమ్మా" అన్నావు. రాకపోవడం కాదురా. హాస్టల్ వాళ్లిచ్చే పది నిమిషాల ఫోన్లో ఇదంతా చెప్పలేను, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు, చదివాక పక్కన కాగితం పెట్టుకుని కింద రాసిన లెక్కలు నువ్వూ ఒకసారి చేసి చూడు.

నీ వీకెండ్ టెస్టు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ వారం వర్క్-ఎనర్జీ చెప్తే టెస్టు మొత్తం వర్క్-ఎనర్జీ మీదే. స్టడీ అవర్లో ఆ చాప్టర్ వెనకున్న లెక్కలే వరసగా నలభై చేస్తావు. నాలుగోదో ఐదోదో చేసేటప్పటికే ఏం చెయ్యాలన్నది ఆలోచించడం మానేస్తావు, ఎందుకంటే ఏం చెయ్యాలో పేజీ పైనే అచ్చేసి ఉంది. మిగిలింది అంకెలు వెయ్యడమే. గ్రాండ్ టెస్టులో, రేపు ఎప్‌సెట్‌లో 40 ఫిజిక్స్ ప్రశ్నల్లో, ఏ ప్రశ్న నెత్తిమీదా చాప్టర్ పేరు ఉండదు. అక్కడ మొదటి పని ఇది ఏ రకం లెక్కో పట్టుకోవడం. ఆ పని నువ్వు ఇంతవరకు ప్రాక్టీసే చెయ్యలేదు.

ఒక లెక్క చూపిస్తాను. మీటరు పొడవు తాడుకి 1.99 కిలోల చెక్క దిమ్మ వేలాడుతోంది. 10 గ్రాముల బుల్లెట్ 400 m/s వేగంతో అడ్డంగా వచ్చి అందులో దిగబడిపోయింది. దిమ్మ ఎంత ఎత్తు లేస్తుంది?

వర్క్-ఎనర్జీ లెక్కలు ముప్ఫై చేసిన ఊపులో ఉన్నవాడు ఏం చేస్తాడంటే, బుల్లెట్ కైనెటిక్ ఎనర్జీ అర్ధం ఇంటూ 0.01 ఇంటూ 400 స్క్వేర్, అంటే 800 జౌళ్లు అని వేసి, దాన్ని mgh కి సమానం చేస్తాడు. మొత్తం బరువు 2 కిలోలు, g ని 10 అనుకుంటే h 40 మీటర్లు వస్తుంది. అడుగు అడుగుకీ లెక్క సరిగ్గానే ఉంటుంది. మీటరు తాడుకి కట్టిన దిమ్మ నలభై మీటర్లు ఎలా లేస్తుందన్న అనుమానం మాత్రం రాదు.

జరిగిందేమిటంటే ఆ కథలో రెండు ఘట్టాలున్నాయి. బుల్లెట్ దిగబడటం మొదటిది. అది క్షణంలో అయిపోతుంది, ఆ క్షణంలో అడ్డంగా పనిచేసే బయటి ఫోర్సు లేదు కాబట్టి మొమెంటమ్ నిలుస్తుంది, కానీ చెక్కని చీల్చుకుంటూ పోవడంలో ఎనర్జీ వేడిగా పోతుంది. 0.01 ఇంటూ 400 అంటే 4, దాన్ని 2 కిలోలతో భాగిస్తే వేగం 2 m/s. రెండో ఘట్టం దిమ్మ పైకి ఊగడం. ఇక్కడ మొమెంటమ్ నిలవదు, ఎనర్జీ నిలుస్తుంది. v² = 2gh అంటే h 0.2 మీటర్లు, అంటే ఇరవై సెంటీమీటర్లు. దిగబడ్డాక మిగిలిన ఎనర్జీ 4 జౌళ్లే, మిగతా 796 వేడికీ చెక్క చీలడానికీ పోయాయి. నలభై మీటర్లకీ ఇరవై సెంటీమీటర్లకీ తేడా తెచ్చింది ఫార్ములా రాకపోవడం కాదు, రెండు ఫార్ములాలూ నీకొచ్చు. ఎక్కడ ఏది ఆపి ఏది మొదలుపెట్టాలన్నదే తేడా. ఇదే లెక్క కొలిజన్స్ చాప్టర్ కింద ఇస్తే కళ్లు మూసుకుని చేసేవాడివి.

ఇప్పుడు ఏటవాలు బల్ల తీసుకో. 30 డిగ్రీల వాలు, 10 మీటర్ల పొడవు, అంటే 5 మీటర్ల ఎత్తు, నున్నటిది. పైనుంచి ఒక దిమ్మ జారితే కిందికి చేరేసరికి వేగమెంత అంటే ఎనర్జీతో ఒక్క లైనులో 10 m/s. ఎంత సేపు పడుతుంది అని అడిగితే ఆ లైను ఒక్కటీ చాలదు, త్వరణం 5 అని కట్టుకుని 2 సెకన్లు అని తేల్చాలి. దిమ్మ బదులు గట్టి గోళం, గరుకు బల్ల మీద జారకుండా దొర్లుతూ వస్తే కొంత ఎనర్జీ తిరగడానికి పోతుంది, వేగం సుమారు 8.5 మాత్రమే. ఆ బల్లే నున్నటి నేల మీద స్వేచ్ఛగా జరిగేదైతే ఎనర్జీతో పాటు అడ్డంగా మొమెంటమ్ కూడా రాయాలి. బొమ్మ అన్నిటికీ ఒకటే. లోపలి సూత్రం వేరు. 1981లో మిషెలిన్ చీ అనే పరిశోధకురాలు, ఇంకో ఇద్దరితో కలిసి, ఫిజిక్స్ లెక్కల కార్డులిచ్చి వీటిని గుంపులు చెయ్యమని అడిగితే, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏటవాలు బల్లలన్నీ ఒకచోట, స్ప్రింగులన్నీ ఒకచోట పెట్టారు. ఫిజిక్స్ బాగా తెలిసినవాళ్లు ఎనర్జీతో తేలేవి ఒకచోట, న్యూటన్ రెండో నియమంతో తేలేవి ఒకచోట పెట్టారు. నీకు రావలసిన చూపు ఆ రెండోది. ఒకే చాప్టర్ లెక్కలు వరసగా చేస్తుంటే ఆ చూపు పనిచేసే అవసరమే రాదు.

అందుకని చాప్టర్లు కలిపి చెయ్యి. అయితే మొదట్లోనే కలపకు. కొత్త చాప్టర్ చెప్పిన రోజు ఆ చాప్టర్ లెక్కలే ఆరో ఎనిమిదో, తేలికవి, వరసగా చెయ్యి, ఎందుకంటే రాని సూత్రాన్ని ఎంచుకోలేవు కదా. మర్నాటినుంచి ఆ చాప్టర్ని పాతవాటిలో కలిపెయ్యి. పన్నెండు లెక్కలు చేస్తే కొత్తవి నాలుగుండాలి, మిగతావి దానితో పొరబడే పాత చాప్టర్లవి. న్యూటన్ లాస్, వర్క్-ఎనర్జీ, కొలిజన్స్, రొటేషన్ ఒక గుంపు. సెకండియర్లో ఎలక్ట్రిక్ ఫీల్డులో చార్జి, మాగ్నెటిక్ ఫీల్డులో చార్జి ఇంకో గుంపు: ఒక ఫీల్డు చార్జి వేగాన్ని పెంచుతుంది, ఇంకోటి దారి మాత్రమే మారుస్తుంది, ప్రశ్నలు మాత్రం అచ్చం ఒకేలా ఉంటాయి. లెన్సుల లెక్కనీ కార్నో ఇంజన్నీ కలిపితే పాతది మర్చిపోకుండా ఉంటుందేమో కానీ, వాటిని చూసి ఎవరూ పొరబడరు కాబట్టి ఎంచుకోవడం రాదు.

చాప్టర్ పేరు నీ కంట పడకూడదు, అదే ముఖ్యం. నీ రూమ్మేటుని మెటీరియల్లోంచి లెక్కలు చీటీల మీద రాయమను, అతనికి నువ్వు రాసివ్వు. చీటీ తీశాక పెన్ను పెట్టే ముందు ఒక్క లైను రాయి: ఏ సూత్రం, ఎందుకు, ఎక్కణ్నుంచి ఎక్కడివరకు. బుల్లెట్ లెక్కకి ఆ లైను ఇలా ఉంటుంది: "దిగబడేదాకా మొమెంటమ్, ఎందుకంటే అడ్డంగా బయటి ఫోర్సు లేదు, ఆ తర్వాత పై దాకా ఎనర్జీ, ఎందుకంటే తాడు టెన్షన్ పని చెయ్యదు." ఈ "ఎక్కడివరకు" అన్నది మా కాలేజీలో మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా వదిలేస్తారు. వదులుగా ఉన్న తాడు ఒక్కసారి బిగుసుకునే లెక్కలు చూడు, అక్కడ ఏదీ దేనికీ గుద్దుకోదు, అయినా ఆ కుదుపు దగ్గర ఎనర్జీ పోతుంది. ఎనర్జీని అక్కడ ఆపాలని తట్టాలంటే ఆ లైను రాసే అలవాటుండాలి. నాలుగైదు నిమిషాలు ఏమీ తోచకపోయినా కీ చూడకు. చూస్తే ఎంచుకునే పని కీ చేసిపెట్టినట్టే.

ఒకటి ముందే చెప్తున్నాను, మొదటి రెండు మూడు వారాలు నీకు నచ్చదు. తప్పులు ఎక్కువ పోతాయి, గంటలో ఇరవై అయ్యేవి పది కూడా కావు, పక్కవాడు మాడ్యూల్ పూర్తి చేసేస్తుంటే టెన్షన్ వస్తుంది. రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో కాలేజీ పిల్లల చేత నాలుగు రకాల వింత ఆకారాల ఘనపరిమాణాలు కట్టించారు. ఒక్కో రకం వరసగా చేసినవాళ్లు ప్రాక్టీసులో 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత టెస్టు పెడితే వరసగా చేసినవాళ్లకి 20 శాతం, కలిపి చేసినవాళ్లకి 63. ఫిజిక్స్‌లోనే కావాలంటే, లాస్ ఏంజిలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సమానీ, పాన్ అనేవాళ్లు డిగ్రీ పిల్లలకి ఎనిమిది వారాలు హోంవర్కు రెండు రకాలుగా ఇచ్చి, చెప్పకుండా రెండు టెస్టులు పెట్టారు, కొత్త లెక్కలతో. 2021లో అచ్చయింది. కలిపి చేసినవాళ్ల నడిమి స్కోరు మొదటి టెస్టులో ఒకటిన్నర రెట్లు, రెండోదానిలో రెండు రెట్ల పైనే ఉంది. నీకు చెప్పాలనుకున్నది ఆ తర్వాతి విషయం: కలిపి చేయడం కష్టంగా ఉందనీ, దానివల్ల తక్కువ నేర్చుకున్నామనీ ఆ పిల్లలే చెప్పారు. కాబట్టి స్టడీ అవర్ అయ్యాక నీకు ఎలా అనిపించిందన్నది లెక్కలోకి తీసుకోకు.

దాని బదులు తప్పుల పుస్తకంలో గీత గీసి రెండు వైపులు చెయ్యి. ఒకవైపు సూత్రం తప్పు ఎంచుకున్నవి, ఇంకోవైపు సూత్రం సరే కానీ లెక్క తప్పినవి. నెల తిరిగేసరికి మొదటి వైపు తగ్గుతూ రావాలి. అసలు మొదట్నుంచీ రెండో వైపే నిండుతుంటే నీ ఇబ్బంది వేరు, వెక్టార్లు విడగొట్టడమో ఇంటిగ్రేషనో గుర్తుల తప్పో. దానికి కలిపి చేయడం మందు కాదు, ఆ ఒక్కదాన్నే కూర్చుని వరసగా రుద్దాలి. అలాగే ఏదైనా లెక్కకి చాప్టర్ పేరు చెప్పినా మొదలుపెట్టలేకపోతే ఆ చాప్టర్ ఇంకా రాలేదని అర్థం, నాలుగు రోజులు దాన్ని గుంపులోంచి తీసి విడిగా చేసి మళ్లీ కలుపు. రేపే వీకెండ్ టెస్టు ఉంటే ఆ రాత్రి ఆ చాప్టరే చూసుకో, దానికి నేనేమీ అనను.

కవర్లో పన్నెండు లెక్కలు పెట్టాను, చాప్టర్ పేర్లు లేకుండా. ఈ వారం వాటికి ఆ ఒక్క లైను మాత్రం రాసి ఉంచు, చివరిదాకా చెయ్యక్కర్లేదు. ఆదివారం ఫోన్లో లైన్లు చదివి వినిపించు, కీ నా దగ్గరే ఉంది. ఏడో లెక్కలో స్ప్రింగ్ ఉంది కదా అని తొందరపడకు. మీ నాన్న శనివారం వస్తున్నారు, కంది పొడీ తెల్ల కాగితాలూ పంపిస్తాను, ఇంకేమైనా కావాలంటే వార్డెన్ గారి ఫోన్ నుంచి మెసేజ్ పెట్టించు.

అమ్మ