మర పెడతానన్న శీనుకి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఊళ్ళో మర పెట్టు, కాదనను. కానీ ఒకే మిషన్ కొని, జల్లెడ మారుస్తూ పిండీ కారమూ అందులోనే పడతానన్నావు చూడు, అది మాత్రం వద్దురా. కారం పట్టిన మిషన్లో నూకలు వేసి ఎంత తిప్పినా ఘాటు పూర్తిగా పోదు. సుత్తుల సందుల్లో, గుడ్డ సంచిలో మిగిలే ఉంటుంది. మర్నాడు ఎవరో తల్లి చంటిపిల్ల జావ కోసం రాగులు పట్టించుకుపోతుంది. ఆ పిల్ల నోరు మండిందంటే ఆ వీధి మొత్తం మళ్ళీ నీ మర వైపు రాదు. ఏడాది పొడుగునా కూలి తెచ్చేది బియ్యం, గోధుమలు, రాగులే. కారం గిరాకీ ఎక్కువగా వేసవిలోనే. దాని కోసం రోజువారీ గిరాకీని పాడుచేసుకోకు. ముందు పిండి మర పెట్టు, కారం మర తర్వాత వేరే గదిలో పెట్టుకోవచ్చు.

సంక్రాంతికి అరిసెల కోసం తడి బియ్యం తెస్తారు. అది జల్లెడకి అంటుకుపోతుంది కాబట్టి పొడి పిండి అంతా అయ్యాక చివర్న పట్టు. ఆనక కాసిని పొడి బియ్యం వేసి తిప్పితే సరిపోతుంది.

కారానికి అసలు చూడాల్సింది మిర్చి ఎండు. కాయ విరిస్తే టప్పున విరగాలి, ఊపితే గింజలు గలగలమనాలి. మెత్తగా వంగిందా, తేమ ఉన్నట్టే. అలాంటిది వేశావంటే జల్లెడ కన్నాలు మూసుకుపోతాయి, మోటారు మోత బరువెక్కుతుంది, కారం వేడెక్కి ఎరుపు పోయి నల్లబడుతుంది. అప్పుడు తిట్లు పడేది మరకే. మొహమాటపడకుండా ఇంకో రోజు ఎండబెట్టి తెమ్మని చెప్పు.

ఇక తరుగు గొడవ. ఒకావిడ తొడిమలు తీసిన మిర్చి 5 కిలోలు తెచ్చిందనుకో. అందులో నూటికి 14 పాళ్ళు తేమ ఉండి, ఎండలోనూ మర వేడికీ 10 పాళ్ళకు దిగిందంటే సుమారు 220 గ్రాములు ఉత్త నీళ్ళే పోయినట్టు. కారం సుమారు 4 కిలోల 780 గ్రాములు వస్తుంది. ఆవిడేమో మనం తీసుకున్నామనుకుంటుంది. అందుకే పట్టే ముందూ తర్వాతా ఆవిడ కళ్ళ ముందే తూచు. సంచి దులిపి, అందులో రాలిన కారం కూడా ఆవిడ డబ్బాలోనే పొయ్యి. ఆ దులపడం చూసిన మనిషి ఇక తూకం అడగదు.

వేడి కారం వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టొద్దని కూడా అందరికీ చెబుతుండు. ఆవిరి పట్టి ఉండలు కడుతుంది, ఆనక బూజొస్తుంది. బట్ట మీద పరిచి పూర్తిగా చల్లారాకే ఎత్తుకోమను.

మిషన్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు కరెంటాఫీసుకి వెళ్ళి, మీ వీధికి త్రీ ఫేజ్ లైన్ ఉందో లేదో, లేకపోతే ఎన్ని స్తంభాలు వెయ్యాలంటారో కనుక్కో. ఆ ఖర్చు తేలాక నాకు రాయి, మోటారు ఎన్ని హెచ్‌పీది కొనాలో అప్పుడు చెబుతాను.

నీ
రాఘవ