క్విక్ అసిస్ట్‌లో కోడ్ ఎవరిస్తారో చూడండి

అందరికీ నమస్కారం. ఊళ్లో నాన్నగారి కంప్యూటర్‌లో ప్రింటర్ పనిచేయకపోతే, విండోస్‌లోని Quick Assist తో ఇక్కడినుంచే సరిచేయొచ్చు. ఇద్దరూ Ctrl + Windows + Q నొక్కి దాన్ని తెరవాలి. సాయం చేసేవాళ్లే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి కోడ్ తీసుకుంటారు. దాన్ని ఫోన్‌లో చెబితే నాన్నగారు తన వైపు టైప్ చేస్తారు. కోడ్ పది నిమిషాలే పనిచేస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే. బ్యాంకు ఓటీపీ మన దగ్గరికి వస్తుంది, ఎవరికీ చెప్పం. ఈ కోడ్ మాత్రం అవతలివాళ్లే ఇస్తారు కాబట్టి అనుమానం రాదు. కానీ అది టైప్ చేసి ఒప్పుకుంటే మన తలుపు మనమే తీసినట్టు. "కంపెనీ నుంచి" అంటూ వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి కోడ్ చెబితే, టైప్ చేయకుండా వెంటనే ఫోన్ పెట్టేయండి.

అనుమతి రెండుసార్లు అడుగుతుంది: మొదట స్క్రీన్ చూడటానికి, తర్వాత మౌస్, కీబోర్డ్ వాడటానికి. చూపిస్తే సరిపోయే పనికి రెండోది ఇవ్వకండి. చూసేవాళ్లకు స్క్రీన్ అంతా కనిపిస్తుంది, బ్యాంకు పేజీలు ముందే మూసేయండి.

పని అయ్యాక Leave నొక్కితే కనెక్షన్ తెగిపోతుంది, మళ్లీ రావాలంటే కొత్త కోడ్ కావాలి. తెలియనివాళ్లు మధ్యలో ఇంకేదైనా రిమోట్ యాప్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే అది అలాగే ఉండిపోతుంది. అలా జరిగితే నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేయించి, వేరే ఫోన్‌లో పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.