వాషింగ్ మెషీన్ జిల్లుమంటే

చిన్నీ,

చెప్పులేసుకుని బట్టలు తీస్తే జిల్లుమనట్లేదు అన్నావు కదా, అంటే మెషీన్ బాడీలో కరెంటు పోయిందని కాదమ్మా, నీ ఒంట్లోంచి నేలలోకి వెళ్లే దారి మూసుకుందంతే.

ఇప్పటి మెషీన్లలో కరెంటు లోపలికొచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులోని చిన్న కెపాసిటర్లు ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ బాడీకి కలుపుతాయి కాబట్టి, మెషీన్ బాగున్నా మామూలుగా ఒక మిల్లీ ఆంప్ లోపు కరెంటు బాడీలోకి వస్తూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే అది పచ్చ వైరులోంచి భూమిలోకి పోతుంది, నీకసలు తెలియదు. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230 వోల్టుల్లో దాదాపు సగం నిలబడి, తడి చెయ్యి తగలగానే నీలోంచి పోతుంది. ఇంతవరకే అయితే ప్రాణానికి ముప్పు లేదు. కానీ లోపల హీటరో మోటరో పాడై లీకవుతున్నా మొదట్లో ఇలాగే ఉండొచ్చు, చేతికి తేడా తెలియదు, పైగా ఎర్త్ లేని ఇంట్లో ఆ లీకు మొత్తం నీ మీదకే వస్తుంది.

ఫ్రిజ్ కూడా అలాగే ఉందన్నావు. రెండు వేర్వేరు సాకెట్లలో రెండూ జిల్లుమంటే నా అనుమానం వస్తువుల మీద కాదు, ఫ్లాట్ ఎర్తింగ్ మీదే. గోడ స్విచ్ ఆపి ఫ్రిజ్ బాడీకి టెస్టర్ పెట్టు (చెయ్యి కాదు, టెస్టర్). అప్పుడూ వెలిగి, ప్లగ్గు పీకాక ఆరిపోతే కరెంటు ఎర్త్ పిన్‌లోంచి వస్తుండొచ్చు. బిల్డింగ్ ఎర్త్ ఎక్కడో తెగితే పక్కింటి గీజర్ లీకు కూడా ఆ పచ్చ వైరు పట్టుకుని నీ ఫ్రిజ్ దాకా వస్తుంది! అందుకే స్విచ్ ఆపితే చాలదు, చెయ్యి తుడుచుకుని, చెప్పులేసుకుని ప్లగ్గు పీకెయ్. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ పెట్టొద్దు, ఫ్రిజ్‌లో పాలూ పెరుగూ పక్కవాళ్లింట్లో పెట్టుకో.

అతను వచ్చాక సాకెట్‌లో మీటర్ పెట్టి చూడమను. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులు రావాలి. ఫేజ్-ఎర్త్ 120, 150 అంటూ ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. అప్పుడు సాకెట్ వెనక పచ్చ వైరు బిగించి ఉందా, మీటర్ బోర్డు దగ్గర తెగిందా, కింద ఎర్త్ గుంత ఎండిపోయిందా, ఈ వరసలో చూడాలి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోకు. కొంతమంది సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్‌కి చిన్న ముక్క వైరు వేసి "అయిపోయింది మేడమ్" అంటారు. జిల్లు వెంటనే ఆగుతుంది కూడా. కానీ ఎప్పుడైనా ఆ న్యూట్రల్ ఊడిందంటే మొత్తం 230 బాడీ మీదకే వస్తుంది, ఇప్పుడున్న దానికంటే అది చాలా ఘోరం.

మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ, అంటే లీకు కనిపెట్టి కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్, లేకపోతే పెట్టించు. ఈ జిల్లుకి అది పడిపోదు, ఇది దానికి చాలా తక్కువ, పెద్ద లీకు అయినప్పుడే పనికొస్తుంది. ఎర్తింగ్ ఖర్చు ఓనర్‌దే, నువ్వు మొహమాటపడితే నంబర్ పంపు, నేనే మాట్లాడతా.

నాన్న