హబ్రే కేసు చెప్పు, చాలు

ఒరేయ్ రవీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. "మానవ హక్కుల ఒప్పందాల మీద సంతకాలైతే పెడతారు, తర్వాత అడిగే నాథుడెవడు?" అని అడిగావే, అదే నీ సెమినార్‌కి సరైన ప్రశ్న. కానీ నువ్వు పంపిన ప్లాన్ మాత్రం నాకు నచ్చలేదు. తొమ్మిది ఒప్పందాలు, ఒక్కోదానికి ఒక్కో స్లైడు, ఏ కమిటీలో ఎంతమంది సభ్యులు... మూడో స్లైడుకే అందరూ కింద ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, మీ మేడమ్‌తో సహా. ఒక్క కేసు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్పు. నన్నడిగితే హిస్సేన్ హబ్రే కేసు. ఒప్పందం అమలును చూసే ఐరాస కమిటీ ఏం చెయ్యగలదు, ఎక్కడ ఆగిపోతుంది, కోర్టు ఎక్కడ అందుకుంటుంది, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

హబ్రే 1982 నుంచి 1990 దాకా చాద్ దేశాన్ని ఏలాడు. అతని రాజకీయ పోలీసులను డి.డి.ఎస్. అనేవాళ్ళు. రాజధాని ఎన్‌జమీనాలో ఫ్రెంచివాళ్ళ కాలం నాటి ఒక ఈతకొలను ఉండేది. దాని మీద కాంక్రీటు కప్పు పోసి, లోపల గదులు కట్టి, నేల కింద జైలు చేశారు. దాని పేరు 'పిసీన్' అనే ఉండిపోయింది, అంటే ఈతకొలను అనే అర్థం. అతను పడిపోయాక చాద్‌లో వేసిన కమిషన్ చనిపోయినవాళ్ళు దాదాపు 40,000 మంది ఉంటారని అంచనా వేసింది. 1990 డిసెంబరులో హబ్రే సెనెగల్ పారిపోయి డాకర్‌లో హాయిగా స్థిరపడ్డాడు.

జైల్లో రెండేళ్ళకు పైగా మగ్గి బయటపడ్డ సులేమాన్ గెంగెంగ్ అనే ఒక మామూలు ఉద్యోగి, బాధితుల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి 792 మంది చెప్పింది రాయించి పెట్టాడు. ఆ కాగితాలు చాలా ఏళ్ళు దాచిపెట్టుకున్నాడు కూడా. ఇది తప్పకుండా చెప్పు. ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు అందరూ జెనీవా నుంచి మొదలుపెడతారు, కానీ కమిటీ ముందుకు వెళ్ళే ఫైలు మొదలయ్యేది ఇలాంటి మనిషి ఇంట్లోనే.

2000 జనవరిలో బాధితులు డాకర్ కోర్టుకు వెళ్ళారు. ఫిబ్రవరిలో విచారణ జడ్జి హబ్రే మీద అభియోగం నమోదు చేశాడు కూడా. తర్వాత ఆ జడ్జికి బదిలీ, జులైలో అప్పీలు కోర్టు కేసు కొట్టివేత. 2001 మార్చిలో పై కోర్టు కూడా అదే మాట అంది. కారణం ఏమిటో విను. వేరే దేశంలో వేరే దేశస్థుడు చేసిన చిత్రహింసలను విచారించే అధికారం మా చట్టంలో లేదు, అని. సెనెగల్ చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో చేరింది 1986లో! చిత్రహింసలు పెట్టినవాడు నీ గడ్డ మీద దొరికితే, వాడు ఎక్కడివాడైనా సరే, విచారించే అధికారం నీ కోర్టులకు ఉండేలా చట్టం చేసుకోవాలని ఆ ఒప్పందం 5వ అధికరణే చెబుతుంది. అంటే చట్టం లేకపోవడం సాకు కాదు, అదే తప్పు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది కదా, పైగా ఆ మద్దెల బాగు చేయించుకోవాల్సింది కూడా తనే.

ఇక్కడ బాధితులకు దొరికిన తలుపు 22వ అధికరణ. దాని కింద ఒక వ్యక్తి నేరుగా జెనీవాలోని కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు, కానీ ఆ దేశం ఆ అధికరణను విడిగా ఒప్పుకుని ఉండాలి. సెనెగల్ 1996లో ఒప్పుకుంది. ఆ ఒక్క ప్రకటన లేకపోతే ఈ కథ 2001 మార్చిలోనే ముగిసేది. నీ క్లాసులో ఎవరైనా "ఒప్పందంలో చేరితే చాలు కదా" అంటే ఇది చూపించు.

2001 ఏప్రిల్‌లో గెంగెంగ్, మరికొందరు బాధితులు ఫిర్యాదు వేశారు. అదే సమయంలో సెనెగల్ అధ్యక్షుడు వాద్, హబ్రేని దేశం వదిలి వెళ్ళమన్నానని ప్రకటించాడు. వెళ్ళిపోతే ఏ కోర్టుకూ అందని చోటికి పోతాడు. అప్పుడు కమిటీ ఒక మధ్యంతర విన్నపం పంపింది: ఫిర్యాదు తేలేదాకా అతన్ని వెళ్ళనివ్వొద్దు, చట్టప్రకారం అప్పగిస్తే తప్ప. గమనించు, ఇది ఆదేశం కూడా కాదు. ఏడాదికి కొన్ని వారాలే కూర్చునే పది మంది నిపుణుల కమిటీ రాసిన ఉత్తరం. ఐరాస ప్రధాన కార్యదర్శి అన్నన్ కూడా అడిగాడు, చివరికి వాద్ సరే అన్నాడు. నా లెక్కలో ఈ కేసు మొత్తంలో అన్నిటికన్నా పెద్ద పని చేసింది ఆ కాగితమే. తర్వాత వచ్చిన తీర్పులన్నీ నిలబడింది, మనిషి అక్కడే ఉన్నాడు కాబట్టి.

కమిటీ ముందు సెనెగల్ చెయ్యని వాదన లేదు. ఈ ఫిర్యాదుదారులు చాద్ వాళ్ళు, మా పరిధిలోని మనుషులే కారు అంది. మీ కోర్టుకు వచ్చి కేసు వేసినప్పుడే మీ పరిధిలోకి వచ్చారు అని కమిటీ దాన్ని పక్కన పెట్టింది. 2006 మేలో తేల్చింది: 5వ అధికరణా ఉల్లంఘించారు, అప్పగించకపోతే ప్రాసిక్యూషన్‌కి పంపాలన్న 7వ అధికరణా ఉల్లంఘించారు, ఏం చేశారో 90 రోజుల్లో చెప్పండి అని. ఐదేళ్ళు పట్టింది చూడు. ఆ 90 రోజులు దాటాక కమిటీ చెయ్యగలిగింది మళ్ళీ అడగడం, వచ్చిన జవాబు సరిపోలేదని వార్షిక నివేదికలో రాయడం, అంతే. పోలీసూ లేడు, జరిమానా లేదు. నీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఇక్కడ ఆగి ఆ మాట అనేయాలి.

కానీ ఏం జరిగిందో చూడు. "ఉల్లంఘన" అని కాగితం మీదికి వచ్చాక సెనెగల్ మళ్ళీ "మా చట్టంలో లేదు" అనలేకపోయింది. 2006 జులైలో ఆఫ్రికన్ యూనియన్ "ఆఫ్రికా తరఫున మీరే విచారించండి" అంది, 2007లో సెనెగల్ చట్టం మార్చింది. అంతే, సాకు మారిపోయింది. ఇప్పుడు డబ్బు లేదు! 2 కోట్ల 70 లక్షల యూరోలకు పైగా ఇస్తే తప్ప మొదలుపెట్టం అన్నారు. బేరం సాగీ సాగీ 2010 నవంబరులో 86 లక్షల యూరోల దగ్గర దాతలు కుదిరారు. అదే నెలలో పశ్చిమ ఆఫ్రికా దేశాల కోర్టు, పాత నేరాలను కొత్త చట్టంతో మామూలు కోర్టులో విచారించొద్దు, అంతర్జాతీయ స్వభావం ఉన్న ప్రత్యేక కోర్టు కావాలి అంది. వాద్‌కి మరో సాకు దొరికింది. 2011 జులైలో ఏకంగా హబ్రేని చాద్ పంపించేస్తానన్నాడు. అక్కడ అప్పటికే మరణశిక్ష వేసి ఉంచారు, పైగా వెళితే చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందని ఐరాస మానవ హక్కుల హైకమిషనర్ అభ్యంతరం చెబితే రెండు రోజుల్లో వెనక్కి తగ్గాడు. చిత్రహింసల నుంచి హబ్రేని కాపాడింది కూడా ఆ ఒప్పందమే అన్నమాట!

ఇక బెల్జియం. బాధితుల్లో కొందరు బెల్జియం పౌరులు, అక్కడి జడ్జి 2005లో అరెస్ట్ వారంట్ ఇచ్చాడు, సెనెగల్ అప్పగించలేదు. 2009లో బెల్జియం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. ఇది కూడా అందరికీ తెరిచి ఉండే తలుపు కాదు. ఒప్పందం మీద వచ్చే తగాదాలను ఈ కోర్టుకు పంపే 30వ అధికరణను వద్దనని దేశాల మధ్యే నడుస్తుంది, ముందు చర్చలు జరగాలి, మధ్యవర్తిత్వానికి పిలవాలి, ఆరు నెలలు ఆగాలి. 2012 జులై 20న తీర్పు. ఇందులో రెండు ముక్కలు క్లాసులో నిదానంగా చెప్పు.

మొదటిది, బెల్జియానికి ఏం నష్టం జరిగిందని అడగక్కర్లేదు అంది కోర్టు. ఈ ఒప్పందంలో చేరిన ప్రతి దేశానికీ మిగతా దేశాలు మాట నిలబెట్టుకోవడంలో ప్రయోజనం ఉంది, కాబట్టి ఎవరైనా అడగొచ్చు. మామూలు ఒప్పందాల్లో నీకు తగిలిన దెబ్బ నువ్వు అడుగుతావు. మానవ హక్కుల ఒప్పందంలో దెబ్బ తినేది ఆ దేశం సొంత జనం, పక్క దేశానికి ఏమీ తగలదు, కాబట్టి పాత పద్ధతిలో ఎవరూ అడగరు. ఆ చిక్కుముడి ఇక్కడ విడింది. 2019లో మయన్మార్ మీద గాంబియా, జాతి నిర్మూలన ఒప్పందం కింద వెళ్ళింది ఈ దారిలోనే.

రెండోది, డబ్బు లేకపోవడం, సొంత చట్టం, వేరే కోర్టు తీర్పు, ఇవేవీ సాకులు కావు. ఇక ఆలస్యం చెయ్యకుండా, అప్పగించకపోతే ప్రాసిక్యూషన్‌కి పంపు అని ఏకగ్రీవంగా చెప్పింది. అయితే ఒక మెలిక ఉంది. ఆ బాధ్యత ఒప్పందం సెనెగల్‌కి వర్తించిన 1987 జూన్ తర్వాతి నేరాలకే అంది. అంతకుముందు ఐదేళ్ళ నేరాలకు ఈ ఒప్పందం కింద బలవంతం లేదు. బాధితులకు ఇది చేదుగా ఉండి ఉంటుంది.

తీర్పు వచ్చినందుకే అయిందని మాత్రం అనకు. ఆ వసంతంలోనే వాద్ ఎన్నికల్లో ఓడిపోయాడు, కొత్తగా వచ్చిన మాకీ సాల్‌కి ఈ కేసు నడపాలని ఉంది. ఆగస్టులో ఆఫ్రికన్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని ప్రత్యేక కోర్టు పెట్టారు, 2013 జూన్ 30న అరెస్ట్. 2015 జులైలో విచారణ మొదలైన రోజు హబ్రే కేకలు వేస్తుంటే గార్డులు ఎత్తుకుపోయారు. లాయర్లు రాకపోవడంతో కోర్టే లాయర్లను పెట్టి, చదువుకోవడానికి 45 రోజులు ఇచ్చింది. 2016 మే 30న యావజ్జీవం. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు 7,396 మంది బాధితులకు 8,200 కోట్ల సి.ఎఫ్.ఎ. ఫ్రాంకులకు పైగా పరిహారం ఖాయం చేసింది. హబ్రే 2021 ఆగస్టులో కోవిడ్‌తో పోయాడు, అప్పటికి ఆ తీర్పు కింద బాధితులకు పైసా అందలేదు. వాళ్ళకు డబ్బు చేర్చాల్సిన ట్రస్ట్ ఫండ్ అప్పటికి పేరుకే ఉంది.

మన దేశం సంగతేంటని ఎవరో ఒకరు అడుగుతారు, సిద్ధంగా ఉండు. చిత్రహింసల ఒప్పందం మీద భారత్ 1997 అక్టోబరులో సంతకం పెట్టింది, ఇంకా ఆమోదించలేదు. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో 1979 నుంచి ఉన్నాం, కానీ వ్యక్తిగత ఫిర్యాదులకు వీలిచ్చే ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి లాకప్‌లో దెబ్బలు తిన్న మన గుంటూరు మనిషి గెంగెంగ్‌లాగా జెనీవా మెట్లు ఎక్కలేడు. మిగిలింది నివేదికల దారి: ప్రభుత్వం రిపోర్టు ఇస్తుంది, సంస్థలు వాటి రిపోర్టులు ఇస్తాయి, కమిటీ ఎదురు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందం కింద మనల్ని 1997లో ప్రశ్నించారు, మళ్ళీ ప్రశ్నించింది 2024 జులైలో. మధ్యలో 27 ఏళ్ళు. ఆ 2024 సిఫార్సులు మాత్రం ఓసారి తెరిచి చూడు. కస్టడీ హింస గురించి ఉన్న పేరా ఒకటి చదివి వినిపించి, దీని మీద హేగ్‌కి వెళ్ళే దేశం ఉందా, ఉంటే ఏ అధికరణ కింద అని క్లాసునే అడుగు. 20 నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

స్లైడ్లు నాలుగుకు మించనీకు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్, నేనే మీ మేడమ్ అనుకుని ఓసారి నాకు చెప్పి చూడు, అడ్డంగా ప్రశ్నలు వేస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ,
వాసు