వాంతుల రోగికి గజ్జలు కూడా చూడాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ప్రభుత్వాసుపత్రుల్లో శస్త్రచికిత్సలు చేసి పదవీ విరమణ పొందిన వైద్యుడిగా నమస్కరించి రాస్తున్నాను.

దగ్గినప్పుడు గజ్జల్లోనో బొడ్డు దగ్గరో పొంగి, పడుకుంటే లోపలికి పోయే ఉబ్బు సాధారణంగా హెర్నియా అని మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అందరికీ తెలుసు. మగవారిలో దాన్ని గుర్తించడం అంత కష్టం కాదు. మహా అయితే బుడ్డ అని పొరబడతారు. వయసు మళ్లిన ఆడవారి దగ్గరే అసలు చిక్కు వస్తోంది. గజ్జ మడతకు దిగువన, తొడ మొదట్లో వచ్చే ఫెమొరల్ హెర్నియా వారిలో మగవారికంటే ఎక్కువ. అది ఉసిరికాయంతే ఉండి, దగ్గమన్నా తరచుగా కదలదు. పేగు జారే దారి ఇరుకు కావడంతో అది బిగుసుకుపోయే ప్రమాదం మామూలు గజ్జ హెర్నియాలో కంటే చాలా ఎక్కువ.

అలాంటి కేసు ఎలా చేయి దాటుతుందో చెబుతాను. అరవై దాటిన, బక్కపలచని మనిషి వాంతులతో, కడుపు నొప్పితో వస్తుంది. నొప్పి బొడ్డు చుట్టూ ఉందంటుందే గాని గజ్జలో గడ్డ సంగతి చెప్పదు. కొన్నిసార్లు ఆమెకే తెలియదు, తెలిసినా సిగ్గు. గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి, సెలైన్ పెట్టి పంపుతారు. మర్నాటికి కడుపు ఉబ్బి, వాంతి పచ్చగా మారి, విరేచనంతో పాటు అపానవాయువు కూడా ఆగిపోతుంది. అప్పుడు పెద్దాసుపత్రిలో చీర కాస్త జరిపి చూస్తే, లోపలికి పోని గట్టి గడ్డ చేతికి తగులుతుంది. రక్తప్రసరణ ఆగిన పేగు కొన్ని గంటల్లోనే చచ్చుబడుతుంది కనుక, తొలిరోజు గడ్డను విడిపించి కుట్టేస్తే సరిపోయేది కాస్తా నల్లబడిన పేగును కోసి తీసి అతికించే పెద్ద ఆపరేషన్ అవుతుంది.

అందుకే రెండు ఆదేశాలు కోరుతున్నాను. వాంతులు, కడుపు ఉబ్బరంతో ఎవరు వచ్చినా రెండు గజ్జలనూ, బొడ్డునూ, పాత ఆపరేషన్ మచ్చలనూ చూసి ఓపీ చీటీలో రాయాలి. ఆడవారికి తెర, పక్కన నర్సు ఉండాలి. ఇది ఒక్క నిమిషం పని, పరికరమేదీ అక్కర్లేదు. ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు పోకుండా గట్టిపడి నొప్పి పెట్టినా, పైచర్మం కందినా నల్లబడినా, వాంతులు తోడైనా బలవంతంగా లోపలికి నొక్కకుండా, నోటికి ఏమీ ఇవ్వకుండా వెంటనే పంపాలి.

రెండోది, ఎక్కడికి పంపాలన్నది. రాత్రిపూట సర్జన్, మత్తు వైద్యుడు ఇద్దరూ లేని ఆసుపత్రికి చేర్చి, అక్కడి నుంచి మరో చోటికి పంపేసరికి పేగు దక్కే సమయం దాటిపోతుంది. ఏ రాత్రి ఎక్కడ ఇద్దరూ ఉన్నారో ప్రతి జిల్లాలో సాయంత్రానికల్లా 108 సిబ్బందికి తెలిసే ఏర్పాటు చేయించగలరు.

భవదీయుడు,
విశ్రాంత ప్రభుత్వ సర్జన్