పచ్చడి రాష్ట్రం దాటితే

సంపాదకుడు గారికి,

ఇంటి నుంచి చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునే ఆడవాళ్లు మా వనస్థలిపురంలో చాలామంది ఉన్నారు. చిన్న దుకాణాలకు లెక్కలు రాస్తాను కాబట్టి, "దేనికి అనుమతులు తక్కువ?" అని నన్ను అడుగుతుంటారు.

అన్నిటికంటే తేలిక ట్యూషన్, బట్టలు కుట్టడం. ఇంట్లోనే ఒక్కరే చేసుకుంటే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా చాలు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ లేదు. చిన్న వ్యాపారంగా ప్రభుత్వ గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చేసుకోవచ్చు, udyamregistration.gov.in లో పైసా ఖర్చు లేదు. దానికే డబ్బు గుంజే సైట్లు చూస్తే నాకు కోపం వస్తుంది.

తర్వాత వచ్చేది తినే వస్తువు. ఇంట్లో వండి అమ్మినా ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు తప్పదు. దుకాణం తెరిస్తే దానికి తోడు మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు కూడా కావాలి. దుకాణం ఎంత పెద్దది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి ఫీజు ఉంటుంది.

అందరూ తేలికనుకుని ఇరుక్కునేది పచ్చళ్ల దగ్గర. మా మరదలు పోయిన వేసవిలో ఆవకాయ మొదలుపెట్టింది. కాలనీ వాళ్లు గిన్నె తెచ్చుకుని తూకానికి పట్టుకెళ్లినన్నాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు, ముద్ర వేయించిన కాటా సరిపోయాయి. తర్వాత అరకిలో సీసాల్లో ముందే నింపి పెట్టింది. అప్పుడు తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదు కావాలి. సీసా మీద బరువు, ధర, తయారీ తేదీ, వేసిన దినుసులు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి.

ఆ మీదట బెంగళూరు నుంచి పది సీసాలకు ఆర్డరు వచ్చింది. కొరియర్‌కు ఇవ్వబోతుంటే నేనే ఆపాను. సరుకు రాష్ట్రం దాటి అమ్మితే 20 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి సీసాకే జీఎస్టీ నమోదు ఉండాలి. విజయవాడ బంధువు ఒకాయన "40 లక్షల దాకా అక్కర్లేదమ్మా" అని ధైర్యం చెప్పాడు. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో 40 లక్షలన్నది నిజమే, తెలంగాణలో మాత్రం 20 లక్షలే. రాష్ట్రం దాటించాలంటే అక్కడివాళ్లకైనా ఆ మినహాయింపు లేదు. నమోదు లేకుండా దొరికితే జరిమానా కనీసం పది వేలు, ఆ పది సీసాల మీద లాభం అందులో ఎన్నో వంతు! చివరికి ఆర్డరు వదులుకుని, ఊళ్లోనే అమ్ముకుంటోంది.

ఆవకాయ అదే అయినా, ఎలా కడతామో, ఎక్కడికి పంపుతామో దాన్నిబట్టి కాగితాలు మారిపోతున్నాయి. ఈ సంగతి ఒక్కచోట తెలుగులో రాసి పెట్టినవాళ్లు నాకు కనిపించలేదు. మీసేవ కేంద్రాల్లో గోడ మీద ఒక్క పట్టిక పెట్టించాలని అధికారులను కోరుతున్నాను. విడిగా అమ్మితే ఏం కావాలి, ప్యాకెట్ కడితే ఏం కావాలి, రాష్ట్రం దాటితే ఏం కావాలి అన్న మూడు గడులు అందులో ఉంటే చాలు.

ఒక పాఠకురాలు,
వనస్థలిపురం, హైదరాబాద్